ఎంత పెట్టావన్నా?

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే రోజుల్లో నన్నెవరూ నంబర్లు అడగలేదు. ఏ బ్రష్ వాడావు, ఏ లేయర్ పైన పెట్టావు అని అడిగేవాళ్లు. ఇప్పుడు విజయవాడలో ఏఐతో ఫొటోల్లో వెనక దృశ్యం మార్చే కుర్రాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, డీనాయిజ్ అనే స్లైడర్ గురించి. "డీనాయిజ్ ఎంత పెట్టావన్నా?" ఒకడు 0.45 అంటాడు, ఇంకొకడు 0.6 తగ్గితే దండగ అంటాడు. మొన్న ఒకబ్బాయి కృష్ణలంక నుంచి ఫోన్ చేసి, "0.52 బాగుందంట కదన్నా, నిజమేనా?" అన్నాడు, పావుకిలో కందిపప్పు ధర కనుక్కుంటున్నట్టు.

ఆ ప్రశ్నే తప్పని చెప్పడానికి ఇది రాస్తున్నాను. వస్తువు ఆకారం చెక్కుచెదరకుండా, చుట్టూ ఉన్న దృశ్యం మాత్రం పూర్తిగా మారిపోయే నంబరు ఒకటుందని, దాన్ని వెతికి పట్టుకుంటే చాలని నేనూ కొన్నాళ్లు నమ్మాను. అలాంటి నంబరు లేదు. ఎందుకు లేదో నాకు ఒక మరచెంబు నేర్పింది.

వన్ టౌన్‌లో ఒక ఇత్తడి సామాన్ల కొట్టుంది. ఆ పెద్దాయన నన్ను చిన్నప్పట్నుంచీ ఎరుగును, నేను బాబాయ్ అంటాను. ఆయన కొడుకు ఆన్‌లైన్‌లో అమ్మకం మొదలుపెట్టి ఫొటోల పని నాకిచ్చాడు. ఫొటోలు కొట్లోనే తీశాడు, ఫోన్‌తో. బల్ల మీద నీలం రెక్సిన్, వెనక సున్నం గోడ, పైన ట్యూబ్‌లైటు. బాబాయ్‌కి మాత్రం పాత పెంకుటింటి అరుగు కావాలి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతుండాలి, పక్కన ఓ తులసికోట ఉన్నా మంచిదే. "చెంబు మాత్రం చెంబులాగే ఉండాలిరా అబ్బాయ్" అన్నాడు. ఇంత కచ్చితంగా పని చెప్పే క్లయింటు నాకు మళ్లీ దొరకలేదు.

మరచెంబు తెలియని పిల్లల కోసం ఒక మాట. రైలెక్కేటప్పుడు మంచినీళ్లు పోసుకుని వెళ్లే ఇత్తడి చెంబు అది. మూత బిగించడానికి మర ఉంటుంది, మూత మీద పట్టుకోవడానికి ఒక కడియం. ఆ కొట్లో ఉన్నది ఇరవై ఒక్క సెంటీమీటర్ల ఎత్తు, పొట్ట దగ్గర పద్నాలుగు సెంటీమీటర్ల వెడల్పు. పొట్ట చుట్టూ మూడు సన్నటి గీతలు. ఎత్తుని వెడల్పుతో భాగిస్తే ఒకటిన్నర. ఈ ఒకటిన్నర గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మొదటిసారి నేను చేసింది అందరూ చేసేదే. ఫొటోని ఎస్‌డీఎక్స్‌ఎల్ అనే బొమ్మలు గీసే ఏఐ మోడల్‌కి ఇచ్చి, `brass water pot on stone verandah, morning light` అని రాసి, స్లైడర్ 0.55 దగ్గర పెట్టాను. అందమైన బొమ్మ వచ్చింది. కొడుక్కి నచ్చింది, పెట్టేశాడు. నెల తిరక్కుండా మూడు పార్సిళ్లు వెనక్కొచ్చాయి. కొన్నవాళ్లు మూడు రకాలుగా రాసినా విషయం ఒకటే: ఫొటోలో చెంబు పొట్ట గుండ్రంగా ఉంది, వచ్చింది కోలగా ఉంది.

బాబాయ్ తిట్టలేదు. చెంబు తెచ్చి బల్ల మీద పెట్టాడు, పక్కన ఫోన్‌లో నా ఫొటో పెట్టాడు, టీ తెప్పించాడు. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి స్క్రీన్ మీద పిక్సెళ్లు కొలిచాను. అసలు ఫొటోలో చెంబు 630 పిక్సెళ్ల ఎత్తు, 420 వెడల్పు. నా ఫొటోలో 624 ఎత్తు, 447 వెడల్పు. ఒకటిన్నర కాస్తా 1.4 అయింది. ఆ తేడా కంటికి ఆనలేదు, ఎందుకంటే నేను చూస్తున్నది ఎండని. కొనేవాళ్లు చూసింది చెంబుని.

సరే, తగ్గిద్దాం అనుకున్నాను. ప్రతిసారీ బొమ్మ వేరుగా రాకుండా చూసే సీడ్ నంబరు మార్చకుండా 0.2 నుంచి 0.8 దాకా వరసగా తీశాను. 0.3 దగ్గర చెంబు చెంబులాగే ఉంది కానీ అరుగు రాలేదు. రెక్సిన్ కొంచెం గరుకెక్కి నీలం రాయిలా అయింది, అంతే. 0.45 దగ్గర గోడకి ఏవో పగుళ్లు వచ్చాయి, నీలం నీలంగానే ఉంది, చెంబు మీద మూడు గీతలు మాత్రం రెండున్నర అయ్యాయి. 0.65 దగ్గర అరుగు వచ్చింది, చెంబుకి కొమ్ము కూడా వచ్చింది. అక్షరాలా కొమ్మే, అరబ్బు దేశాల టీ కెటిల్‌కి ఉన్నట్టు. 0.8 దగ్గర మూతా మెడా ఒకటైపోయి, కడియం పోయి, కలశం మిగిలింది. అంటే దృశ్యం మారడానికి ముందే చెంబు పాడైపోతోంది. రెండూ కలిసే చోటు మధ్యలో ఎక్కడా లేదు.

ఎందుకిలా అని కూర్చుని ఆలోచిస్తే కారణం చాలా మామూలుది. డీనాయిజ్ అంటే ఎంత మార్చాలనే స్లైడర్ కాదు, ఎంత ముంచాలనేది. అసలు బొమ్మ మీద నాయిజ్, అంటే పాత టీవీలో గరగరలాడే చుక్కల్లాంటివి, కలుపుతారు, ఆ తర్వాత మోడల్ ఆ నాయిజ్‌లోంచి బొమ్మని మళ్లీ గీస్తుంది. స్లైడర్ 1 అంటే పూర్తిగా ముంచి మొదటి నుంచి గీయడం, 0.3 అంటే కొంత మేరకే ముంచి అక్కణ్నుంచి గీయడం. కానీ 0.5 అంటే సగం బొమ్మ, సగం నాయిజ్ కాదు. ఎస్‌డీఎక్స్‌ఎల్ నాయిజ్ పెంచే లెక్క ప్రకారం, మోడల్ గీసే అడుగులు సమానంగా పడితే, 0.36 దరిదాపుల్లోనే బొమ్మ బలమూ నాయిజ్ బలమూ సమానమైపోతాయి. 0.5 దగ్గర నాయిజ్ బొమ్మకి 1.6 రెట్లు, 0.7 దగ్గర మూడు రెట్ల పైన. నేను మధ్యలో ఉన్నాననుకుంటూ 0.55 పెట్టినప్పుడు చెంబు అప్పటికే మెడ దాకా మునిగి ఉంది.

మునగడం కూడా ఒకే రీతిగా జరగదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద నీళ్లు చూసినవాళ్లకి తెలుసు, ముందు గడ్డి మునుగుతుంది, తర్వాత కంచెలు, ఆ తర్వాత గుడిసెలు, పెద్ద చెట్లు మాత్రం చివరిదాకా కనిపిస్తుంటాయి. ఫొటోలో కూడా అంతే. సన్నటి వివరాలకి బలం తక్కువ, పెద్ద పెద్ద రంగు మచ్చలకి బలం ఎక్కువ. నాయిజ్ మాత్రం అన్నిటి మీదా ఒకే ఎత్తున పడుతుంది. కాబట్టి మొదట పోయేది పొట్ట మీద గీతలు, తర్వాత మూత అంచు, తర్వాత పొట్ట వంపు. ఎంతకీ పోనిది వెనకున్న తెల్ల గోడ, కింద ఉన్న నీలం రంగు.

ఇప్పుడు మనకి కావాల్సింది చూడండి. ఉంచాల్సినవి గీతలు, అంచు, వంపు. అంటే ముందు మునిగేవి. మార్చాల్సినవి గోడ, బల్ల. అంటే చివరిదాకా తేలేవి. స్లైడర్ పనిచేసే వరస మనకి కావాల్సిన వరసకి సరిగ్గా తలకిందులు. అందుకే ఆ నంబరు లేదంటున్నాను. నా వెతుకులాటలో లోపమైతే ఇంకో వారం వెతికేవాణ్ని.

దీనికి తోడు మోడల్‌కి సొంత అభిప్రాయం ఒకటుంటుంది. మునిగిపోయిన వివరాన్ని అది దేనితో పూరిస్తుంది? తను ఎక్కువగా చూసినవాటితో. మరచెంబు అది ఎన్నడూ పెద్దగా చూడలేదు. `brass pot` అనగానే దానికి గుర్తొచ్చేది కొమ్ము కెటిల్లో, బాన కడుపు కుండో. మన వస్తువు ఎంత స్థానికమైతే అంత తొందరగా ఇంకోదానివైపు జారిపోతుంది. మామూలు గాజు సీసా 0.5 దగ్గర కూడా సీసాలాగే ఉండటం చూసి కుర్రాళ్లు మోసపోతుంటారు. అక్కడ ఆకారాన్ని నిలబెట్టింది మీ నంబరు కాదు, లక్షల సీసాలు చూసిన మోడల్ అలవాటు.

ఇంకో చిన్న సంగతి చెప్పి ముందుకెళ్తాను. 0.32కీ 0.34కీ తేడా గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లని చూశాను. చాలా టూళ్లలో అడుగుల లెక్క ఇది:

```python
steps = 20
print(int(steps * 0.32))  # 6
print(int(steps * 0.34))  # 6
```

రెండింటికీ ఆరు అడుగులే. సీడ్ ఒకటే అయితే బొమ్మ కూడా అదే. ఆ వాదన అంతా గాల్లో కత్తియుద్ధం. కంఫీయూఐ అనే టూల్ మాత్రం వేరేగా లెక్క కడుతుంది. మీరు 20 అడుగులు, 0.5 అంటే అది 40 అడుగుల దారి గీసి చివరి 20 నడుస్తుంది. పైగా ఏ అడుగులో ఎంత నాయిజో పంచే షెడ్యూలర్‌ని `karras`కి మారిస్తే అదే 0.5 దగ్గర నాయిజ్ కాస్త తక్కువ పడుతుంది. ఫ్లక్స్ లాంటి మోడల్‌కి వెళ్తే లెక్క మొత్తం వేరు. కాబట్టి ఒకడి నంబరు ఇంకొకడికి పనికిరాదు. ఎవరైనా నంబరు చెప్తే ఏ మోడల్, ఏ షెడ్యూలర్, ఎన్ని అడుగులు అని అడగండి. చెప్పలేకపోతే టీ తాగించి పంపేయండి.

మరి ఏం చేయాలి? బొమ్మని ముక్కలుగా చూసి, ఒక్కో ముక్కకి ఒక్కో నీటిమట్టం పెట్టాలి. ఇందులో కొత్తేమీ లేదు, మారాల్సిన చోటునీ మారకూడని చోటునీ విడదీసే మాస్క్ వేయడమే. కానీ మాస్క్ వేశాక కూడా ఆకారం ఎలా పోతుందో చెప్పేవాళ్లు తక్కువ. నేను పోగొట్టుకున్న వరసలోనే చెప్తాను.

మొదట చెంబుని కోసి వేరు చేశాను. బ్యాక్‌గ్రౌండ్ తీసేసే టూల్ చుట్టూ శుభ్రంగా కోసింది కానీ, కడియానికీ మూతకీ మధ్య ఉన్న చిల్లుని వదిలేసింది. దానికి అదీ చెంబులో భాగమే. ఫలితంగా ఎర్రటి ఎండ పడే అరుగు మీద, కడియం మధ్యలోంచి కొట్లోని సున్నం గోడ కొంచెం, రెక్సిన్ నీలం కొంచెం, కిటికీలోంచి తొంగి చూసినట్టు కనిపించాయి. రెండు నిమిషాలు బ్రష్ పట్టుకుంటే పోయేది. మాస్క్‌ని ఎప్పుడూ 200 శాతానికి పెంచి, చిల్లులన్నీ చూసుకోవాలి.

తర్వాత గోడ సంగతి. మాస్క్‌తో చెంబుకి తాళం వేసేశాను కదా, ఇక వెనక భాగానికి 1.0 పెట్టేయొచ్చు అనుకున్నాను. పెట్టాను. అరుగు వచ్చింది, ఎండ వచ్చింది, తులసికోట కూడా వచ్చింది. చెంబు పిక్సెళ్లు దాదాపుగా మారనే లేదు. అయినా చెంబు మారింది! అడుగున ఒక కొత్త పీఠం మొలిచింది. పొట్టకి ఎడమ పక్కన నీడలాంటిదొకటి వచ్చింది, దగ్గరికెళ్లి చూస్తే అది ఇత్తడే, చెంబు ఇంకో అర సెంటీమీటరు లావెక్కింది. మాస్క్ లోపల ఏమీ మారలేదు, బయట నుంచి పెరిగింది.

ఇది ఈ పనిలో అన్నిటికంటే దొంగ తప్పు. అసలు ఫొటోనీ కొత్తదాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి తేడా చూస్తే చెంబు ఉన్నచోట తేడా దాదాపు సున్నా అని వస్తుంది. మనం నమ్మేస్తాం. పట్టుకోవడానికి నేను చేసేది ఇది: కొత్త ఫొటోని మళ్లీ అదే బ్యాక్‌గ్రౌండ్ తీసే టూల్‌కి ఇచ్చి, వచ్చిన మాస్క్‌ని మొదటి మాస్క్ పక్కన పెట్టి కొలుస్తాను. మొదటిది 630కి 420. కొత్తది 648కి 437 వచ్చింది. దొరికాడు దొంగ. రెండు మాస్కుల మధ్య మూడు నాలుగు పిక్సెళ్ల కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ బొమ్మ చెత్తబుట్టకే.

ఎందుకు పెరుగుతుందంటే, 1.0 దగ్గర చెంబు చుట్టూ ఉన్న చోటు మొత్తం ఖాళీ నాయిజ్. మోడల్‌కి మధ్యలో ఒక ఇత్తడి ముక్క కనిపిస్తుంది, అది అక్కడితో అయిపోయిందో, ఇంకా ఉందో దానికి తెలియదు. ఇత్తడి పాత్రలకి పీఠాలు ఉండటం అది చూసింది, కాబట్టి ఒకటి తగిలిస్తుంది. చెంబు అక్కడితో ఆగిపోయిందని దానికి చెప్పాలి. ఎలా చెప్పాలంటే, చెంబు అంచుకి ఆనుకుని ఉన్న చోట ఇత్తడి కాని రంగేదో ముందే ఉండాలి, అది పూర్తిగా మునిగిపోకూడదు.

ఇక్కడే నా పాత ఆల్బమ్ పని అక్కరకొచ్చింది. జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో చెంబు వెనక ఉన్నదంతా చెరిపేసి, లావు బ్రష్‌తో రంగు మచ్చలు పెట్టాను. కింద బూడిద రంగు రాయి, వెనక మట్టి రంగు గోడ, కుడి నుంచి ఏటవాలుగా ఒక పసుపు చార, చెంబు కింద నల్లటి నీడ ముద్ద. ఐదో తరగతి పిల్లాడు వేసినట్టుంది. దాన్ని ఇచ్చి వెనక భాగానికి 0.75 పెట్టాను. పెద్ద రంగు మచ్చలు చివరిదాకా తేలతాయని పైన చెప్పాను కదా, మొదట మనకి శత్రువైన ఆ గుణమే ఇప్పుడు మనవైపు పనిచేసింది. నా మట్టి రంగు గోడ మట్టి గోడ అయింది, బూడిద మచ్చ అరుగు అయింది, నీడ ముద్ద నీడే అయింది. పీఠం మొలవలేదు, ఎందుకంటే పీఠం రావాల్సిన చోట నీడ ఉంది. మళ్లీ కోసి కొలిస్తే 631కి 421.

సున్నం గోడని ఉంచుకుని చీకటి దేవుడి గదిలోకి మార్చాలని చూసేవాళ్లు ఎందుకు విసిగిపోతారో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. తెల్లదనం అన్నిటికంటే పెద్ద మచ్చ, 0.8 దగ్గర కూడా దాని వెలుగు మిగిలే ఉంటుంది. ప్రాంప్ట్‌లో `dark` అని ఎన్నిసార్లు రాసినా గది చీకటవ్వదు. నంబరు పెంచే బదులు ముందు గోడకి నల్ల రంగు పూయండి.

కంఫీయూఐ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. `VAE Encode (for Inpainting)` అనే నోడ్ మార్చాల్సిన చోటుని బూడిద రంగు చేసేసి పంపుతుంది. అది 1.0 కోసం ఉన్నది. నేను దాన్ని పెట్టి 0.75 ఇచ్చి, నా రంగు మచ్చలేవీ రాలేదని, అరుగంతా బూడిద పొగలా వచ్చిందని ఒక సాయంత్రం మొత్తం తల పట్టుకున్నాను. ఈ పనికి మామూలు `VAE Encode` తర్వాత `Set Latent Noise Mask` పెట్టాలి.

ఇప్పుడు అరుగు బాగుంది, ఆకారం నిలబడింది. బాబాయ్‌కి చూపించాను. ఫోన్ దూరంగా పట్టుకుని, కళ్లద్దాలు పైకి జరిపి, "అతికించినట్టుందేంరా?" అన్నాడు.

అతికించినట్టే ఉంది మరి. ఇత్తడి అంటే సగం అద్దం. దాని పొట్టలో కొట్టు మొత్తం కనిపిస్తోంది. కింది సగంలో నీలం రెక్సిన్, భుజం మీద ట్యూబ్‌లైటు తెల్లగీత. ఎండలో అరుగు మీదున్న చెంబు పొట్టలో ట్యూబ్‌లైటు ఏమిటి? స్టీలుకీ, గాజుకీ, గ్లేజు పూసిన జాడీకీ కూడా ఇదే బాధ. మట్టి కుండైతే దానికి తాళం వేసి ఊరుకుంటే సరిపోయేది.

కాబట్టి చెంబుని కూడా ముంచాలి, కొంచెం. కానీ దేన్ని? ఆకారం అంటే మనం చూసేది అంచుని. పొట్ట మధ్యలో మెరుపు అటూ ఇటూ అయితే ఎవరూ పార్సిల్ వెనక్కి పంపరు. అందుకని మాస్క్‌ని లోపలికి పన్నెండు పిక్సెళ్లు కుదించి, అంచుని అసలు ముట్టుకోకుండా, పొట్ట లోపలికి మాత్రమే 0.3 పెట్టాను. పన్నెండు ఎందుకంటే, ఈ మోడళ్లు బొమ్మని నేరుగా చూడవు, వీఏఈ అనేది దాన్ని ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా కుదించి ఇస్తుంది, 1024 పిక్సెళ్ల ఫొటో అయితే 128 గళ్లు. మాస్క్ కూడా ఆ గళ్లకే తెగుతుంది. అంచుకి ఒక గడి కంటే దగ్గరికెళ్తే అంచు గడిలో సగం కొత్తది, సగం పాతది కలిసి ముద్దవుతుంది.

0.3 దగ్గర నీలం పోయి రాయి రంగు వచ్చింది. 0.2 పెడితే నీలం మిగిలింది. 0.4 పెడితే పొట్ట మీద సొట్టలు పడ్డట్టు మెరుపులు వచ్చాయి, ఆకారం మారకపోయినా పాత సామానులా కనిపించింది. ఇక్కడ, ఈ చిన్న ముక్కకి మాత్రం, నంబరు వెతకడంలో అర్థం ఉంది. ఎందుకంటే ఉంచాల్సిందీ మార్చాల్సిందీ రెండూ మెత్తటి వెలుగులే, వాటి మధ్య తలకిందుల వరస లేదు.

అయితే మూడు గీతలూ వంకరపోయాయి. గీత వెడల్పు ఒక మిల్లీమీటరు, ఫొటోలో మూడు పిక్సెళ్లు. ఎనిమిది పిక్సెళ్ల గడిలో మూడు పిక్సెళ్ల గీత ఎలాగూ నిలవదు. అసలు డీనాయిజ్ సున్నా పెట్టినా, వీఏఈలోకి వెళ్లి రావడంలోనే కాస్త మసకబారుతుంది. లేబుల్ మీద చిన్న అక్షరాలు చెడిపోయేది కూడా ఇందుకే, దానికి స్లైడర్‌ని తిట్టి లాభం లేదు.

పెళ్లికూతుళ్ల చర్మం సవరించేటప్పుడు మేం ఫ్రీక్వెన్సీ సెపరేషన్ చేసేవాళ్లం. ఒక లేయర్‌లో మెత్తటి రంగులూ వెలుగులూ, ఇంకో లేయర్‌లో సన్నటి వివరాలు. ఇక్కడా అదే చేశాను. 0.3 బొమ్మని మసకచేసి దాని రంగు మాత్రం తీసుకున్నాను, దాని మీద అసలు ఫొటోలోని సన్నటి వివరం పెట్టాను. ముందు మునిగేదాన్ని అసలు ముంచకుండా ఒడ్డున పెట్టి, తర్వాత తెచ్చి తగిలించడమన్నమాట. గీతలు మూడూ తిన్నగా తిరిగొచ్చాయి. ట్యూబ్‌లైటు అంచు కూడా తిరిగొచ్చింది, అదీ సన్నటి వివరమే కదా! దాన్ని క్లోన్ బ్రష్‌తో చేత్తో చెరిపాను. పది నిమిషాలు. ఏ నంబరూ ఆ పది నిమిషాలు మిగల్చదు.

చివరిగా అసలు చెంబు అంచుని తెచ్చి పైన అతికించాలి, వీఏఈ కుదించిన గళ్లలో కాదు, పిక్సెళ్లలో. కంఫీలో అయితే `ImageCompositeMasked`. అతికించేటప్పుడు మాస్క్‌ని రెండు పిక్సెళ్లు లోపలికి లాగాలి, లేకపోతే చెంబు చుట్టూ రెక్సిన్ నీలం దారంలా వేలాడుతుంది. మరీ లాగితే కడియం సన్నబడుతుంది. కడియం మందం అర సెంటీమీటరు, పదిహేను పిక్సెళ్లు. రెండు వైపులా రెండేసి పోతే పదకొండు. అందుకని కడియం దగ్గర మాత్రం ఒక్క పిక్సెలే లాగి, మిగిలిన నీలాన్ని రంగు మార్చాను.

ఇంత తంటా ఎందుకు, ఫొటోలోని అంచులు చూపించి ఆకారాన్ని పట్టి ఉంచే కంట్రోల్‌నెట్ పెట్టొచ్చుగా అంటారు. పెట్టి చూశాను. కానీ గీత వదలని అంచుల మోడల్ కూడా అంచు ఎక్కడుందో చెప్తుంది తప్ప అది ఇత్తడి అంచా, నీడ అంచా అని చెప్పదు. 0.65 దగ్గర కొమ్ము రాకుండా ఆపింది, నిజమే. కానీ మూతనీ మెడనీ వేరుచేసే సన్నటి సందుని అలంకారపు గీతగా మార్చేసింది. మూత తీయడానికి రాని మరచెంబు. తోడుగా ఉంచుకోవడానికి మంచిదే, దాని భరోసా మీద మాస్క్ మానేయడానికి కాదు.

ఇంకో వాదన బలమైనది. ఇప్పుడు ఫొటో ఇచ్చి "అరుగు మీద పెట్టు" అని మాటల్లో చెప్తే చేసిపెట్టే మోడళ్లు వచ్చాయి, 2025లో వచ్చిన ఫ్లక్స్ కాంటెక్స్ట్ లాంటివి. వాటిలో ఈ స్లైడర్ గొడవే ఉండదు. నేనూ వాడతాను, చిత్తు కోసం. కానీ అవి మీ చెంబుని దాచి ఉంచవు, పక్కన పెట్టుకుని చూస్తూ మొత్తం బొమ్మని నాయిజ్ నుంచి మళ్లీ గీస్తాయి. చూసి గీసేవాడు ఎంత గొప్పవాడైనా అది నకలే. నేను తీసిన వాటిలో కొలతలు చాలా దగ్గరగా వచ్చాయి, గీతలు మాత్రం ఒకదాంట్లో నాలుగు. అందుకే వాటి అరుగుని తీసుకుని, చెంబుని మాత్రం పైన చెప్పిన పద్ధతిలో అసలుదే అతికిస్తాను.

కృష్ణలంక అబ్బాయికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే వెనకకి 0.75, పొట్టకి 0.3, అంతేనా అన్నా?" అన్నాడు. అతను తీసేది రాగి బిందెలా, చెక్క బొమ్మలా అని కూడా నేను అడగలేదు, అదీ నా తప్పే. కొండపల్లి బొమ్మలంట. రంగు పూసిన చెక్క, మెరుపు తక్కువ, కొట్టు నీడలు వాటిలో పడవు. వాటికి లోపల ముంచే పనే లేదు. కానీ వేళ్లంత సన్నటి చేతులుంటాయి, పక్కనుంచి ఇంకో చెయ్యి మొలవకుండా చూసుకోమన్నాను.

అరుగు మీద చెంబు ఫొటో పెట్టాక ఆ కంప్లయింటుతో పార్సిలేదీ వెనక్కి రాలేదు. ఈ వారం బాబాయ్ జంతికల గొట్టం పంపించాడు, ఐదు బిళ్లలతో సహా. నక్షత్రం బిళ్లకి ఒక్కో మొన రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. మొత్తం గొట్టం ఫ్రేములో పడితే ఆ మొన ఆరు పిక్సెళ్లు రాదు. బిళ్లల్ని విడిగా, దగ్గర్నుంచి మళ్లీ ఫొటో తీసి పంపమన్నాను. ఈసారి రెక్సిన్ తీసేసి తెల్ల కాగితం పరవమని కూడా చెప్పాను.